ఫొటోలో చార్మినార్: ఎంత దూరం, ఎటు నుంచి, ఎంత ఎత్తు నుంచి? కొన్ని అపోహలు, వాస్తవాలు

పాతబస్తీలో ఏదో డాబా మీద నుంచి తీసిన ఫొటో అనుకుందాం. ఇళ్ల కప్పుల వెనక చార్మినార్ నాలుగు మీనార్లు కనిపిస్తున్నాయి, కింది భాగం దుకాణాల బోర్డుల చాటున పడిపోయింది. ఎక్కడ నిలబడి తీశారో ఆ ఫొటో నుంచే రాబట్టవచ్చు. లెక్క పదో తరగతి త్రికోణమితే. తప్పులు దొర్లేది లెక్కలో కాదు, దానికి ముందు మనం నమ్మేసే మాటల్లో.

అపోహ: పెద్దగా కనిపిస్తోందంటే దగ్గర నుంచి తీసినట్టే.

ఫొటోలోని సైజు ఒక్కటే దూరం చెప్పదు. జూమ్ చేస్తే కిలోమీటరు దూరంలోని మీనారు కూడా ఫ్రేము నిండుతుంది. సైజు దూరంగా మారాలంటే ముందు లెన్సు ఫోకల్ లెంగ్త్‌ను పిక్సెళ్లలోకి మార్చుకోవాలి. ఒరిజినల్ ఫైలు చేతిలో ఉంటే exiftool అనే ప్రోగ్రాముతో ఇలా చూడండి:

```
exiftool -FocalLengthIn35mmFormat -ImageWidth -ImageHeight photo.jpg
```

26 మి.మీ., 4000 × 3000 అని వచ్చిందనుకోండి. చాలామంది 26ను 36తో భాగించి 4000తో గుణిస్తారు, 2889 వస్తుంది. కానీ ఆ 36 మి.మీ. అనేది 35 మి.మీ. ఫిల్ములోని 3:2 ఫ్రేము వెడల్పు, ఫోన్ ఫొటోలు సాధారణంగా 4:3. ఆకారాలు వేరైనప్పుడు మూల నుంచి మూలకు ఉన్న కర్ణాన్ని పోల్చాలి. 35 మి.మీ. ఫ్రేము కర్ణం 43.27 మి.మీ., మన ఫొటో కర్ణం 5000 పిక్సెళ్లు.

```
f = 26 × 5000 / 43.27 = 3004 px
```

రెంటికీ తేడా నాలుగు శాతం. అర కిలోమీటరు దూరంలో అది 20 మీటర్లు, అంటే పక్క గల్లీలోకి వెళ్లిపోయామన్నమాట. ఫొటోను ఎవరైనా క్రాప్ చేసి ఉంటే ఫ్రేము కొలత, మధ్య బిందువు రెండూ మారిపోతాయి. అందుకే వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన ఫొటోను పట్టుకుని కూర్చోకుండా ఒరిజినల్ పంపమని అడగడం మంచిది.

అపోహ: కట్టడం ఎత్తు తెలిస్తే చాలు, దూరం వచ్చేస్తుంది.

మైదానంలో ఒంటరిగా నిలబడ్డ టవర్‌కైతే సరే. చార్మినార్‌తో రెండు చిక్కులున్నాయి. ఒకటి, పాదం కనిపించదు. పాదం కనిపించకపోతే మొత్తం ఎత్తు ఎన్ని పిక్సెళ్లో కొలవలేం. రెండోది, ఎత్తు అంటూ ఒకచోట 48.7 మీటర్లని, మరోచోట 56 మీటర్లని రాసి ఉంటుంది. దేన్ని నమ్ముకున్నా ఆ తేడా నేరుగా దూరంలోకి దిగుతుంది.

అందుకే ఎత్తును వదిలేసి, మీనార్ల మధ్య ఎడాన్ని పట్టుకోవాలి. నాలుగు మీనార్లు చదరానికి నాలుగు మూలలు. భుజం దాదాపు 20 మీటర్లు. ఉపగ్రహ చిత్రంలో ఒక మీనారు మధ్య నుంచి పక్క మీనారు మధ్యకు స్కేలు పెట్టి మీరే కొలుచుకుంటే ఇంకా నయం. ఈ ఎడంతో దూరమే కాదు, దిక్కు కూడా దొరుకుతుంది.

ఫొటోను పెద్దది చేసి ఒక్కో మీనారు నడిమి గీత ఏ పిక్సెల్ మీద ఉందో ఎడమ నుంచి కుడికి రాసుకోండి. 2300, 2354, 2407, 2461 వచ్చాయనుకుందాం. ముందుగా ఒక పరీక్ష: ఎడమ చివరిది, కుడి చివరిది కలిపిన మొత్తం, లోపలి రెంటి మొత్తం సమానం కావాలి. ఇక్కడ రెండూ 4761. కాకపోతే ఏదో మీనారును తప్పుగా గుర్తించారు, లేదా ఫొటో మరీ దగ్గర నుంచి తీసింది. ఇప్పుడు మొదటి మీనారు నుంచి రెండోది 54, మూడోది 107 పిక్సెళ్లు.

```
కోణం = atan(54 / 107) = 26.8°
భుజం = √(54² + 107²) = 119.9 px
దూరం = 3004 × 20 / 119.9 = 501 m
```

చార్మినార్ ఫ్రేము మధ్యలో కాక ఏడు డిగ్రీలు పక్కకు ఉంది కాబట్టి మరో ఒకటిన్నర శాతం కలపాలి, సుమారు 509 మీటర్లు.

26.8° అంటే వెడల్పుగా కనిపించే ముఖానికి సూటిగా ఎదురుగా కాక, అంత పక్కకు జరిగి నిలబడ్డారని అర్థం. ఏ పక్కకు? లోపలి రెండు మీనార్లలో ఒకటి అన్నిటికన్నా దగ్గరిది, ఇంకోటి అన్నిటికన్నా దూరపుది. మీనారు కొసలు కెమెరా కంటే ఎత్తులో ఉన్నప్పుడు దగ్గరి దాని కొస ఫొటోలో కాస్త పైకి ఉంటుంది. ఈ దూరంలో పదకొండు పిక్సెళ్ల దాకా తేడా వస్తుంది, కంటికి ఆనుతుంది. మన ఫొటోలో రెండోది ఎత్తుగా ఉంది. అంటే వెడల్పు ముఖం కుడి వైపు, ఇరుకు ముఖం ఎడమ వైపు.

అది నాలుగు ముఖాల్లో ఏది అన్నది మీనార్లు చెప్పవు, పరిసరాలు చెప్పాలి. మక్కా మసీదు చార్మినార్‌కు నైరుతిలో ఉంది. అది ఎడమ పక్కన, కాస్త ముందుకు కనిపిస్తే వెడల్పు ముఖం దక్షిణానిది. అప్పుడు కెమెరా దక్షిణం నుంచి పడమటికి 26.8° జరిగి ఉంది, అక్కడి నుంచి చార్మినార్ ఉత్తరానికి 26.8° తూర్పుగా కనిపిస్తుంది. ముఖాలు సరిగ్గా దిక్కులకు లేకుండా ఒకటి రెండు డిగ్రీలు తిరిగి ఉంటే ఉపగ్రహ చిత్రంలో చూసి ఆ మేరకు సరిచేయండి.

అపోహ: చార్మినార్ ఉన్న దిక్కే కెమెరా చూస్తున్న దిక్కు.

కెమెరా చూసేది ఫ్రేము మధ్యలోకి. మీనార్ల మధ్య గీత 2380.5 దగ్గర, ఫ్రేము మధ్య 2000 దగ్గర ఉన్నాయి. atan(380.5 / 3004) = 7.2°. చార్మినార్ కుడికి ఉంది కాబట్టి తీసేయాలి: 26.8 − 7.2 = 19.6°.

అపోహ: ఆకాశం, ఊరు కలిసే గీతే దిగంతం. అది మీనారును ఎక్కడ తాకితే కెమెరా ఎత్తు అంత.

రెండో వాక్యంలో సూత్రం నిజమే. కంటి మట్టపు గీత ఏ కట్టడాన్ని కోసినా, దూరంతో పని లేకుండా, అది కెమెరా ఎత్తునే కోస్తుంది. తప్పంతా మొదటి వాక్యంలో ఉంది. సముద్రం ఒడ్డున కనిపించే గీతకూ కంటి మట్టానికీ తేడా స్వల్పం. హైదరాబాద్‌లో మాత్రం కనిపించేవి అపార్ట్‌మెంట్లు, గుట్టలు, చెట్లు. అవి కంటి మట్టానికి 20 పిక్సెళ్లు పైకి ఉన్నా మన లెక్కలో మూడు మీటర్లకు పైగా తేడా, అంటే ఒక అంతస్తు.

అసలు కంటి మట్టాన్ని పిట్టగోడల అంచులు, స్లాబుల గీతలు చూపిస్తాయి. ఒకే భవనంలో సమాంతరంగా వెనక్కి పోయే రెండు మూడు గీతలను పొడిగిస్తే ఒక బిందువులో కలుస్తాయి. ఇంకో దిక్కుకు తిరిగిన భవనంలో మరో బిందువు. ఆ రెంటినీ కలిపే గీతే కంటి మట్టం. మూడో భవనం కూడా అక్కడికే రావాలి. రాకపోతే మీరు పట్టుకున్న గీతల్లో ఏదో వాలుగా ఉంది. రేకుల షెడ్డు అంచును, రోడ్డు వాలును ఎప్పుడూ వాడకండి.

అలా గీసిన గీతకు దగ్గరి మీనారు కొస 215 పిక్సెళ్ల పైన ఉందనుకోండి. దూరం తెలుసు కాబట్టి కొస కెమెరా కంటే సుమారు 35 మీటర్లు ఎత్తు. ఇక్కడ ఆ రెండు ఎత్తుల గొడవ మళ్లీ వస్తుంది. 48.7 తీసుకుంటే కెమెరా 13.7 మీటర్ల ఎత్తులో, 56 తీసుకుంటే 21 మీటర్ల ఎత్తులో. నాలుగంతస్తుల డాబానా, ఆరంతస్తులదా? ఫొటో దీన్ని తేల్చదు. జవాబును రెండు అంకెల మధ్య విస్తృతిగానే ఇవ్వండి, సగటు తీసి ఒకే అంకె రాయకండి. ఫోన్‌ను పైకో కిందికో బాగా వంచి తీసిన ఫొటోలో మీనార్లు ఒకదానివైపు ఒకటి, లేదా ఒకదానికొకటి దూరంగా, వాలినట్టు ఉంటాయి. అలాంటప్పుడు పిక్సెళ్లను కాదు, ఒక్కో బిందువు కోణం విడిగా తీసి ఆ కోణాలను తీసివేయాలి.

అపోహ: వచ్చిన ఎత్తు ఆ బిల్డింగ్ ఎత్తే.

వచ్చేది చార్మినార్ పాదం నుంచి ఎత్తు. కెమెరా ఉన్న వీధి అంతకంటే నాలుగు మీటర్లు మిట్టలో ఉంటే ఆ నాలుగూ తీసేయాలి, పల్లంలో ఉంటే కలపాలి. తర్వాత మనిషి చేతిలో ఫోన్ ఉండే మీటరున్నర తీసేస్తే మిగిలేది డాబా ఎత్తు. మ్యాప్‌లో చార్మినార్ కేంద్రంగా 509 మీటర్ల చాపం గీసి, అక్కడి నుంచి 26.8 + 180 = 206.8° దిక్కున, అటూ ఇటూ 20 మీటర్ల లోపల, ఆ ఎత్తు డాబా కోసం వెతకండి.