అన్నం తిన్నాక కన్ను ఎందుకు మూతపడుతుంది?

అన్నం తినగానే నెత్తురంతా కడుపులోకి దిగిపోతుందని, మెదడుకు రక్తం చాలక కునుకు వస్తుందని మన చిత్తూరు వైపు చాలామంది నమ్ముతారు. తిన్న తర్వాత పేగులకు రక్తప్రసరణ పెరిగే మాట నిజమే గానీ, ఆరోగ్యవంతుల్లో మెదడు తనకు అందే రక్తాన్ని అంత సులభంగా తగ్గనివ్వదు. అసలు కారణాన్ని పళ్ళెంలోనే వెతకాలి.

తిరుపతిలో ఏదో ఒక మెస్సులో ఒంటిగంటకు భోజనానికి కూర్చున్న మనిషిని తీసుకుందాం. పప్పుతో ఒకసారి, సాంబారుతో ఒకసారి, రసంతో, పెరుగుతో మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంటే అన్నం సుమారు 400 గ్రాములవుతుంది. అందులో దాదాపు 110 గ్రాములు పిండిపదార్థమే. తవుడు పోయేదాకా పాలిష్ పట్టి, మెత్తగా ఉడికించిన బియ్యం కాబట్టి అది పేగుల్లో త్వరగా గ్లూకోజుగా మారి, గంటలోపే రక్తంలో చక్కెరను బాగా పెంచుతుంది.

మెదడు అడుగుభాగంలో, హైపోథాలమస్‌లో, ఒరెక్సిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తూ మనల్ని మెలకువగా ఉంచే కణాలున్నాయి. అవి నశించిన వారికి పట్టపగలు కూడా ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తుందంటే వాటి పని ఎంతటిదో తెలుస్తుంది. ఎలుకల మెదడుపై జరిపిన ప్రయోగాల్లో గ్లూకోజు పెరిగినప్పుడు ఈ కణాలు మందగించాయి, ప్రోటీన్ నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు తగిలినప్పుడు మళ్ళీ చురుకెత్తాయి. మనుషుల్లోనూ ఇంతే జరుగుతుందని ఖాయంగా అనలేం గానీ, పప్పు నీళ్ళగా, అన్నం కొండగా ఉన్న భోజనమే ఎక్కువ మత్తెక్కించడానికి ఇది నాకు సబబైన వివరణగా కనిపిస్తుంది. సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పడుకోవడానికి నాలుగు గంటల ముందు త్వరగా అరిగే రకం అన్నం తిన్నవారికి సుమారు 9 నిమిషాల్లో నిద్ర పట్టగా, నిదానంగా అరిగే రకం తిన్నప్పుడు 17 నిమిషాలకు పైగా పట్టింది.

తప్పంతా అన్నానిదే కాదు. ఒంట్లోని గడియారం మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య మెలకువను కొంత తగ్గిస్తుంది, ఏమీ తినకపోయినా ఆ తూగు వస్తుంది. రాగి సంగటి తింటే మత్తు రాదనే మాటను కూడా నేను ఒప్పుకోను, అందులోనూ ఉన్నది ఎక్కువగా పిండిపదార్థమే, పైగా బియ్యమో నూకలో కలుస్తాయి, ముద్ద మీద ముద్ద వేసుకుంటే ఫలితం పెద్దగా మారదు.

మీ మత్తు దేనివల్లనో తేల్చుకోవాలంటే, కొన్నాళ్ళు అదే వేళకు అన్నం సగం చేసి, గట్టి పప్పో గుడ్డో పెంచి తినండి. మత్తు తగ్గితే కారణం అన్నం, తగ్గకపోతే వేళో, రాత్రి చాలని నిద్రో అయి ఉండవచ్చు. కొద్దిగా తిన్నా రోజూ మత్తు కమ్ముతూ, దానికి తోడు దాహం, మాటిమాటికి మూత్రం ఉంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి. వయసు పైబడిన వారికి తిన్నాక లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతుంటే అది నిద్రమత్తు కాకపోవచ్చు, భోజనం తర్వాత రక్తపోటు పడిపోతుండవచ్చు గనుక వైద్యుడికి చూపించాలి.