లక్ష డౌన్‌లోడ్లు వస్తే మార్కెట్ మనదేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో స్టార్టప్‌లకు యూజర్ల లెక్కలు చూసిపెట్టడం నా పని. చాట్ యాప్ కట్టే మన తెలుగు కుర్రాళ్లు ఎవరొచ్చినా మొదట అడిగేది ఇదే: "అన్నా, డౌన్‌లోడ్లు ఇన్ని లక్షలు దాటితే ఇక మార్కెట్ మనవైపే తిరుగుతుందట కదా?"

తిరగదు. ఈ లెక్క ఎవరు పుట్టించారో గానీ, దీన్ని నమ్మి దాచుకున్న డబ్బంతా ప్రకటనలకు పోసినవాళ్లను చూశాను. హైక్ అనే మన దేశపు చాట్ యాప్ 2016లోనే 10 కోట్ల మంది నమోదయ్యారని చెప్పుకుంది. 2021 జనవరిలో ఆ మెసెంజర్ మూతపడింది.

కోటి దాటిన జనాభా ఉన్న బెంగళూరులో లక్ష మంది మీ యాప్ వేసుకున్నారనుకోండి. అంటే వందకు ఒకరు కూడా కాదు. 40 మంది ఉన్న అపార్ట్‌మెంట్ గ్రూపులో సగటున అర మనిషి కూడా తగలడు. వేసుకున్నవాడు తెరిచి చూస్తే పలకరించడానికి ఎవరూ ఉండరు, వారంలో తీసేస్తాడు. అదే లక్ష మంది 2,500 గ్రూపుల్లో మొత్తానికి మొత్తం ఉంటే కథ వేరు. మనవాళ్లు ఎంతమంది ఉంటే యాప్ అంత పనికొస్తుంది, దీన్నే నెట్‌వర్క్ ఎఫెక్ట్ అంటారు. అది పనిచేసేది ఊరి లెక్కలో కాదు, గ్రూపు లెక్కలో.

ఆ 40 మందిలో ఐదుగురు ఎవరున్నా లేకున్నా కొత్త యాప్‌కి వస్తారనుకోండి. మరో పదిమంది, అక్కడ ఐదుగురు కనిపిస్తే వస్తారు. మిగతా పాతికమంది పదిహేనుగురు చేరాక కదులుతారు. ఐదుగురూ వస్తే పదిహేను, ఆ తర్వాత నలభై. ఆ ఐదుగురిలో ఒక్కరు ఊరెళ్లి రాలేదనుకోండి, లెక్క నాలుగు దగ్గరే ఆగిపోతుంది. యాప్‌లో ఏ లోపమూ లేదు, అయినా అంతే.

అందుకే నాకు డౌన్‌లోడ్ గ్రాఫ్ చూపించకండి. కొత్తగా చేరినవాడి మొదటి మెసేజ్‌కి ఎన్ని గంటల్లో జవాబొచ్చింది, నెల తర్వాత వాడి గ్రూపులో ఎంతమంది రాస్తున్నారు, అవి తీసుకురండి. గ్రాఫ్ పైకి పోతూ ఇవి కదలకపోతే, వచ్చినవాళ్లు వచ్చినట్టే పోతున్నారన్నమాట. మా ఇంట్లోనూ అంతే జరిగింది. పిల్లలందరం కొత్త యాప్‌కి మారాం, అత్తయ్య మాత్రం రానంది. పెళ్లి కబుర్లన్నీ ఆవిడ దగ్గరే ఉంటాయి. రెండు యాప్‌లూ ఫోన్‌లో ఉన్నా మాటలన్నీ పాతదాంట్లోనే.

"ఒక యాప్ గెలిస్తే ప్రపంచమంతా దానిదే" అన్నదీ తప్పే. కొరియాలో కాకావోటాక్, జపాన్‌లో లైన్ పాతుకుపోయాయి. ఎవరి మనుషులు ఎక్కడుంటే మార్కెట్ అక్కడ.

"ఒక్క కంపెనీయే మిగిలితే అది నేరం" అనేవాళ్లూ ఉన్నారు. కాదు. 2024 నవంబరులో మన కాంపిటీషన్ కమిషన్ వాట్సాప్ యజమాని మెటాకు వేసిన 213.14 కోట్ల రూపాయల జరిమానా వాట్సాప్ పెద్దదైనందుకు కాదు. 2021 ప్రైవసీ షరతులకు ఒప్పుకుని తీరాలన్నందుకు, మార్కెట్లో ఉన్న పైచేయిని అలా దుర్వినియోగం చేసినందుకు.