మానసిక సమస్య గురించి సొంత వ్యాసం: ఎంత చెప్పాలి? అపోహలు, వాస్తవాలు

కడపలో ఒక చిన్న పత్రికకు వచ్చే అనుభవ వ్యాసాలు దిద్దడం నా పని. నేను డాక్టర్‌ను కాను. డిప్రెషన్, భయం, ఆత్మహత్య ఆలోచనల గురించి రాసేవాళ్లు ఏది అచ్చులో పెట్టాలి, ఏది డైరీలోనే ఉంచుకోవాలి అని అడిగినప్పుడు వాళ్లతో కూర్చుని తేలుస్తుంటాను. ఒక టీచరమ్మ వ్యాసం ఉదాహరణగా చెప్తాను. ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు ఇక్కడ కూడా మార్చాను.

అపోహ: పేరు మారిస్తే చాలు, ఎవరికీ తెలియదు.

వాస్తవం: మన ఊళ్లలో మనిషిని పట్టించేది పేరు కాదు, వివరాల కలయిక. కాన్పు తర్వాత వచ్చిన డిప్రెషన్ గురించి ఆమె రాశారు, పేరు మార్చారు. కానీ ఏడు రోడ్ల దగ్గర అద్దిల్లు, ముగ్గురే టీచర్లున్న బడి, కవల పిల్లలు అన్నీ అలాగే ఉంచారు. ఈ మూడూ ఒకచోట కనిపిస్తే మండలంలో ఏ టీచరైనా చిటికెలో చెప్పేస్తారు.

అందుకని ప్రతి గుర్తునూ ఒకటే ప్రశ్న అడిగాం: ఇది తీసేస్తే వ్యాసం కుంటుతుందా? ఇల్లు ఎక్కడైతే ఏం, తీసేశాం. బడి గురించి "పల్లెలో ఒక బడి" అని మాత్రం ఉంచాం. కవలల్ని తీస్తే మాత్రం కుంటుతుంది, ఎందుకంటే ఒకరు పడుకుంటే ఇంకొకరు లేచే ఆ రాత్రులే ఆమె నిద్రను మింగేశాయి. అది ఉంచాం. జబ్బు పేరు, వైద్యం, ఎన్నాళ్లకు కోలుకున్నారు అన్నవి మార్చనివ్వలేదు, అవి మారిస్తే అబద్ధమవుతుంది. కొన్ని వివరాలు మార్చామని వ్యాసం మొదట్లోనే పాఠకులకు చెప్పాం.

అపోహ: నా కథ కాబట్టి అందులో వచ్చే అందరి గురించీ నేను రాయొచ్చు.

వాస్తవం: ఆమె వ్యాసంలో చెల్లెలికి జరుగుతున్న మానసిక వైద్యం గురించి ఒక పేరా ఉంది. మానసిక వైద్యశాలలో చికిత్స పొందుతున్న వ్యక్తి సమాచారాన్ని ఆ వ్యక్తి అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 చెబుతుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ చెల్లెలికి ఇంకా పెళ్లి కాలేదు. ఆ పేరా మొత్తం తీసేశాం.

అత్త గురించిన పేరా కష్టమైంది. "మా అత్త దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది" అని కోపంగా రాశారు. అచ్చుకు ముందు అత్తకు చదివి వినిపించమన్నాను. ఇష్టం లేకపోయినా వినిపించారు. అత్త అంతా విని, "తాయెత్తు కట్టించింది నిజమే. పెద్దాసుపత్రికి బస్సెక్కించింది కూడా నేనే గదమ్మా, అదెందుకు రాయలే?" అన్నారంట. ఆ మాట వ్యాసంలో చేరింది. నా దృష్టిలో ఆ వ్యాసంలో అన్నిటికన్నా నిజమైన చోటు అదే.

అపోహ: చనిపోవాలని ఏం చేశామో రాస్తేనే బాధ తీవ్రత తెలుస్తుంది.

వాస్తవం: పద్ధతి, చోటు, మాత్రల పేర్లు, ఎన్ని మింగారు అన్నవి ఎప్పుడూ రాయకూడదు. అదే స్థితిలో ఉన్న పాఠకుడికి అది దారి చూపినట్టవుతుంది. ఆత్మహత్య వార్తల్లో పద్ధతి వివరించవద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. సొంత వ్యాసానికీ నేను అదే నియమం పెట్టుకున్నాను.

ఆమె మొదటి ప్రతిలో మాత్రల గురించి ఐదు వాక్యాలున్నాయి. వాటి బదులు, వేరేచోట మూలన పడి ఉన్న ఒక వాక్యాన్ని ముందుకు తెచ్చాం: "పాలు పొంగి పొయ్యి మీద పడుతుంటే చూస్తూ నిలబడ్డాను, ఆర్పడానికి చెయ్యి లేవలేదు." ఇది చదివితే జబ్బు ఎలాంటిదో తెలుస్తుంది, ఎవరికీ హాని లేదు.

పిల్లలకు ఏదైనా చేసేస్తానేమోనన్న భయం గురించి కూడా రాశారు. కాన్పు తర్వాత అలాంటి ఆలోచనలు చాలామంది తల్లులకు వద్దన్నా వస్తాయి, సిగ్గుతో ఎవరికీ చెప్పుకోరు. కాబట్టి ఆలోచన వచ్చిందన్న మాట, డాక్టరుకు చెప్పానన్న మాట ఉంచాం. ఏ ఆలోచన అన్నది తీసేశాం. ఆ పిల్లలు పదిహేనేళ్లకు ఇది చదువుతారు.

"ఆరు నెలలకు మాత్రలు మానేశాను" అన్న చోట "డాక్టరు కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపించారు" అని పూర్తిగా రాయించాను. సగం చెబితే చదివినవాళ్లు తమ మాత్రలు ఒక్కసారిగా మానేస్తారు. చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 వేశాం.

అపోహ: వద్దనుకుంటే తర్వాత తీసేయొచ్చు.

వాస్తవం: పేజీ ఫోటో ఒక్కసారి వాట్సాప్‌లోకి వెళ్తే మళ్లీ వెనక్కి రాదు. అందుకే అన్నీ దిద్దాక రెండు వారాలు ప్రతిని ఇంట్లోనే పెట్టుకోమంటాను. స్టాఫ్‌రూంలో ఎవరో దీన్ని పైకి చదువుతున్నట్టు ఊహించుకుని, ఏ వాక్యం దగ్గర కడుపులో తిప్పుతుందో గీత గీయమంటాను.

ఆమె అచ్చుకు ముందు రోజు ఫోన్ చేసి, భర్త గురించిన ఒక వాక్యం తీసేయమన్నారు. ఎందుకని నేను అడగలేదు. తీసేశాను.