మెత్రెస్‌కు కార్డు రాసే ముందు

చిరంజీవులు అమ్మడికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

ఫ్రాన్స్‌లోని మీ తులూజ్‌లో జులై మొదటి వారంలో బడి మూసేస్తారని, టీచర్లకిచ్చే పుస్తకాల షాపు గిఫ్ట్ కార్డులతో పాటు నాలుగు మాటలు రాయాలని అమ్మ చెప్పింది. ఇద్దరూ మర్యాదగా, మీరు అనే అర్థమిచ్చే 'వు'తోనే రాయాలని అమ్మ అంటోందట. బుజ్జిగాడేమో మా మెత్రెస్‌ను, అంటే వాళ్ళ టీచరమ్మను, నేను నువ్వు అనే అర్థమిచ్చే 'త్యు'తోనే పిలుస్తానని ఏడుస్తున్నాడట. ఎవరిది సరైనదని అడిగావు కదా అమ్మడూ.

ఏడాదంతా తరగతిలో ఎలా పిలిచారో కార్డులోనూ అలాగే పిలవండి. అక్కడి చిన్న తరగతుల్లో పిల్లలు టీచరును 'త్యు' అనడం చాలా చోట్ల మామూలే, అందులో అమర్యాద ఏమీ లేదు. బుజ్జిగాడు ఇప్పుడు హఠాత్తుగా 'వు' అని రాస్తే ఆవిడకు అది వాడి మాటలా వినిపించదు. నువ్వు మీ మెత్రెస్‌ను 'వు' అంటున్నావు కాబట్టి నీ కార్డులో అదే ఉండాలి. వచ్చే ఏడాది కొలేజ్ అనే పెద్ద బడికి వెళ్ళాక ఎలాగూ అందరు టీచర్లనూ 'వు' అనే అంటావు.

కార్డు రాయడం అరిటాకులో వడ్డించడం లాంటిది. ఆకు చిన్నది, దేని చోటు దానికుంది. ముందు నీళ్ళు చల్లినట్టు 'షేర్ మెత్రెస్' అని పిలుపు, పక్కన కామా. తర్వాత అన్నం: ఆవిడ నీకు ఏం చేసిందో ఆ ఒక్క సంగతి. దాని పక్కన కృతజ్ఞత. చివర పెరుగులా సెలవుల శుభాకాంక్ష. గిఫ్ట్ కార్డు విలువ ఎంతో రాయకూడదు, వడ్డించేవాళ్ళు బియ్యం ధర చెప్పరు కదా! 'పూర్ వో లెక్త్యూర్ దెతే', అంటే మీ వేసవి చదువుల కోసం, అంటే చాలు. బుజ్జిగాడు 'వో' ఉన్న చోట 'తే' పెట్టాలి. ఇంకొకటి, పంక్తిభేదం చేయకూడదు. 'వు' అని మొదలుపెడితే మీ ఓర్పు అనడానికి 'వోత్ర్ పాస్యాన్స్' అనే రాయాలి. మధ్యలో నీ ఓర్పు అనే 'తా పాస్యాన్స్'లోకి జారితే ఒకే మనిషికి రెండు రకాల వడ్డన అయిపోతుంది. పిల్లల కార్డుల్లో ఈ తప్పు సులువుగా దొర్లుతుంది. రాశాక ఈ మాటల కోసమే ఒకసారి మళ్ళీ చదవండి.

మా యానాంలో 1954 దాకా ఫ్రెంచివాళ్ళ పాలన ఉండేది, నా చిన్నతనపు చదువు వాళ్ళ బడిలోనే సాగింది. మాస్టారు 'దిక్తే' చెప్పేవారు. ఆయన బల్లల మధ్య నడుస్తూ వాక్యాన్ని మెల్లగా చదివితే, మేము పాళీని సిరాలో ముంచి రాసేవాళ్ళం. కిటికీ అవతల గోదావరి గాలి, లోపల పాళీల గీతల చప్పుడు. ఆ భాషలో చెవికి వినిపించని అక్షరాలు ఎన్నో ఉంటాయి. వాటిని పట్టుకోవడానికే ఆ దిక్తే. చెవి ఒక్కటే చాలదు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో కూడా ఆలోచించాలని ఆయన నేర్పారు.

మీ కార్డులో అలాంటి అక్షరం ఒకటుంది. 'నాకు సాయపడినందుకు' అనడానికి 'మెర్సి ద మవ్వార్ ఎదే' అంటారు. బుజ్జిగాడు రాస్తే ఆ 'ఎదే' మాట చివర ఒక ఇ ఉంటుంది, నువ్వు రాస్తే రెండు ఉండాలి. పలికితే రెండూ ఒకటే. అదే 'నేర్పినందుకు' అనే 'మవ్వార్ ఆప్రి'లో మాత్రం ఎవరు రాసినా మార్పు లేదు. ఎందుకంటే సాయం పొందినది నువ్వే, కానీ నేర్పినది పాఠాన్ని, నిన్ను కాదు. కింద పేరు లేకపోయినా, రాసింది ఆడపిల్ల అని వినిపించని ఒక అక్షరం చెప్పేస్తుంది. ఇన్నేళ్ళు వచ్చినా నాకిది వింతగానే ఉంటుంది!

సెలవుల శుభాకాంక్ష 'బొన్ వకాన్స్' ఎప్పుడూ బహువచనమే, రెండు మాటల చివరా ఎస్ మరవకండి. పూర్తి వాక్యం రాస్తే 'జ వు సూయేత్ ద బొన్ వకాన్స్'. బుజ్జిగాడి కార్డులో 'వు' ఉన్న చోట 'త' పెట్టాలి.

ఇక అన్నం సంగతి. 'అన్నిటికీ మెర్సి' అని మాత్రం రాయకండి, తరగతిలో పాతిక కార్డుల్లో అదే ఉంటుంది. నీ కార్డుకు ఇలా ఒక మచ్చు: 'అక్టోబరులో నాకు భిన్నాలు ఏమీ అర్థమయ్యేవి కావు. నాకు సాయపడినందుకు మెర్సి. ఇప్పుడు తమ్ముడికి పిజ్జా కోసి నేనే వివరిస్తున్నాను.' దీన్ని ఫ్రెంచిలో నువ్వే రాయి, నీకు ఇప్పుడు నాకంటే బాగా వచ్చు.

నీ సంగతి భిన్నాలే అని నేను ఊహించాను, కాకపోవచ్చు. అందుకే ఈ సాయంత్రం రోజువారీ పాఠాలు రాసే నీ కయే ద్యు జూర్ తీసి అక్టోబరు పేజీలు తిరగేయి. మెత్రెస్ ఎక్కడ మళ్ళీ చూసుకోమని 'ఆ రవ్వార్' అని రాసిందో, ఆ పాఠమే తర్వాత ఎప్పుడు చాలా బాగుందనే 'ట్రె బ్యాఁ' అయిందో వెతుకు. బుజ్జిగాడి పుస్తకం కూడా వాడి పక్కన కూర్చుని చూడు.

మీ తాతయ్య