ఇరవై నిమిషాల్లో హంతకుణ్ణి పట్టేసే వాళ్ళకి ఏ థ్రిల్లర్ పెట్టాలి? దీని వెనక వందేళ్ళ కథ ఉంది

మా అక్కావాళ్ళది సత్యనారాయణపురం, ఆదివారం రాత్రి అన్నాలు అయ్యాక అందరం వాళ్ళ హాల్లో కూర్చుని ఏదో ఒక థ్రిల్లర్ పెట్టుకోవడం మాకు చాలా ఏళ్ళ అలవాటు. పోయిన నెల ఒకటి పెట్టా, ఫ్రెండ్స్ అందరూ క్లైమాక్స్ అదిరిపోద్ది అన్నారని. సినిమా మొదలై ఇరవై నిమిషాలు కూడా అవ్వలేదు, ఇంకా శవం పోస్టుమార్టంలోనే ఉంది, అక్క బత్తాయి ఒలుస్తూ తలెత్తకుండా "వీడేరా తమ్ముడూ చంపింది" అంది. ఎలా చెప్పావే అంటే, "అంత పెద్ద ఆర్టిస్టు, రెండు డైలాగులు చెప్పి వెళ్ళిపోవడానికి డేట్లు ఇస్తాడా?" అంది. రెండు గంటల తర్వాత వాడే. బావగారు అప్పటికే నిద్రపోయారు.

నాకు ఆ రోజు బాధేసింది గానీ ఒక విషయం మాత్రం బాగా తెలిసింది. అక్క కథలో క్లూలు పట్టుకుని చెప్పలేదు. కత్తి మీద వేలిముద్రలు, ఫోన్ కాల్ టైము, ఇవేవీ ఆవిడ చూడనే లేదు. ఆవిడ చదివింది సినిమాలు తీసే పద్ధతిని. ముందే కనిపెట్టేసే వాళ్ళలో నేను చూసినవాళ్ళు చాలామంది ఇంతే, అందుకని వాళ్ళకి "ఇంకా పెద్ద ట్విస్టు" ఉన్న సినిమా వెతికి పెట్టినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే ఎంత పెద్ద ట్విస్టైనా "ఎవరు" అనే ప్రశ్న మీదే ఉంటే అది వాళ్ళ చేతిలో పనే. ఇలా ఎందుకయింది అనేది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఇంగ్లండులో 1920ల్లో డిటెక్టివ్ నవల అంటే రచయితకీ పాఠకుడికీ మధ్య ఒక ఆట. 1926లో అగాథా క్రిస్టీ రోజర్ ఆక్రాయిడ్ హత్య మీద రాసిన నవల చివర్లో చేసిన పనికి, ఇది మోసం అని కొంతమంది గొడవ చేశారు, కాదు క్లూలన్నీ ముందే ఇచ్చింది అని కొంతమంది వాదించారు. (ఏం చేసిందో ఇక్కడ రాయను, ఇంకా చదవని వాళ్ళు ఉంటారు.) 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఆయన, ఆయన చర్చి ఫాదర్, డిటెక్టివ్ కథలు కూడా రాసేవాడు, ఈ ఆటకి పది రూల్స్ రాశాడు. మొదటి రూలే ఏంటంటే, నేరం చేసినవాడు కథ మొదట్లోనే కనిపించి ఉండాలి. క్లూ దొరికితే డిటెక్టివ్ దాన్ని పాఠకుడికి కూడా చూపించాలి. ముందు నుంచి సిద్ధం చెయ్యకుండా చివర్లో కవల పిల్లల్ని దించకూడదు.

రూల్స్ న్యాయంగానే ఉన్నాయి, నాకు ఇప్పటికీ వాటి మీద గౌరవం. కానీ ఇక్కడే ఇబ్బంది కూడా మొదలయింది. దోషి మొదట్లోనే కనిపించాలి అన్నాక, చదివేవాడు కథని వదిలేసి మనుషుల్ని లెక్కపెట్టడం మొదలెడతాడు. ఆరుగురు వచ్చారు, అందులో ఇద్దరి మీద రచయిత కావాలని అనుమానం వచ్చేలా రాస్తున్నాడు కాబట్టి వాళ్ళు కాదు, ఒకడు రెండో అధ్యాయంలోనే చచ్చాడు, మిగిలింది ముగ్గురు, అందులో మరీ మంచివాడు ఎవడో వాడే. పది నవలలు చదివినవాడికి పదకొండోది ఇలా లెక్క కింద తేలిపోద్ది.

మన దగ్గర కూడా ఇదే జరిగింది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు నవలలు అద్దె పుస్తకాల షాపుల్లో తెచ్చుకుని చదివిన తరం ఒకటి ఉంది, మా అమ్మ ఆ తరమే. ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపుల్లో ఇప్పటికీ అలాంటివి అట్టలు ఊడిపోయి కనిపిస్తాయి. అమ్మ ఒక నవల సగం చదివి పక్కన పెట్టి వంట చేస్తూ ఎవడో చెప్పేసేదంట. అక్కకి ఆ విద్య అమ్మ దగ్గర్నుంచే వచ్చింది.

సినిమాకి వచ్చేసరికి పరిస్థితి ఇంకా కష్టం. నవలలో అందరూ పేర్లే, సినిమాలో మొహాలు. హీరో చెయ్యడు, హీరోయిన్ దాదాపుగా చెయ్యదు, కమెడియన్ చెయ్యడు, ఇక మిగిలినవాళ్ళలో పేరున్న నటుడు ఎవరో చూస్తే చాలు. ఇంటర్వెల్ ముందు అరెస్టయినవాడు అసలువాడు కాదని చిన్న పిల్లలకి కూడా తెలుసు. తీసేవాళ్ళు ఇది ఎప్పుడో గమనించారు, అందుకే రహస్యాన్ని కథలో కాపాడలేక థియేటర్ దగ్గర కాపాడటం మొదలెట్టారు. 1955లో క్లూజో తీసిన ఫ్రెంచి సినిమా డయాబొలిక్ చివర్లో, మీరు చూసింది మీ స్నేహితులకి చెప్పకండి అని తెర మీద అక్షరాలు వేశారు. 1960లో హిచ్‌కాక్ సైకోకి సినిమా మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని థియేటర్లకి చెప్పాడు. బయట నుంచి లీకయ్యే ట్విస్టుని ఇవి కొంతవరకు ఆపగలవు, సీట్లో కూర్చుని మొహాలు చూసి చెప్పేసేవాళ్ళని మాత్రం ఆపలేవు. గాంధీనగర్ థియేటర్లలో మార్నింగ్ షో వదిలాక సైకిల్ స్టాండ్ దగ్గర "చెప్పానా లేదా" అనుకుంటూ బళ్ళు తీసేవాళ్ళని చిన్నప్పుడు ఎంతమందిని చూశానో.

రీమేకులతో ఇంకో చిక్కు. 2016లో ఒక స్పానిష్ థ్రిల్లర్ వచ్చింది, 2019 మార్చిలో అదే హిందీలో బద్లాగా, ఆగస్టులో తెలుగులో "ఎవరు" అనే పేరుతో వచ్చింది. తెలుగువాళ్ళు కథని బాగానే మార్చారు, అయినా ఒకటి చూసినవాళ్ళు రెండోది చూస్తుంటే ఎక్కడ ఆగి ఎవర్ని చూడాలో తెలిసిపోద్ది. కాబట్టి ఇలాంటి వాళ్ళకి సినిమా ఎంచేటప్పుడు మొదట చూడాల్సింది, దాని మూలం వాళ్ళు ఆల్రెడీ చూసేశారా అని. ఇది ఎవరో ఒకరు వాళ్ళ తరఫున చూసి చెప్పాలి, వాళ్ళే వెతికితే ఆ వెతకడంలోనే కథ తెలిసిపోద్ది.

ఇప్పుడు అసలు దారికొస్తా. నాక్స్ రూల్స్ కంటే ముందే, 1912లో ఆస్టిన్ ఫ్రీమన్ అనే ఆయన ఒక కథల పుస్తకం వేశాడు, అందులో కొన్ని కథల్లో మొదటి భాగంలోనే ఎవడు చంపాడో, ఎలా చంపాడో పూర్తిగా చూపించేస్తాడు. రెండో భాగంలో థార్న్‌డైక్ అనే డాక్టరు అదెలా కనిపెట్టాడో ఉంటుంది. "ఎవరు" అనే ప్రశ్నే తీసి పక్కన పెట్టేశాడన్నమాట. తర్వాత చాలా ఏళ్ళకి అమెరికా టీవీలో కొలంబో ఇదే పద్ధతిలో ఏళ్ళ తరబడి నడిచింది. మనుషుల్ని లెక్కపెట్టే తెలివి ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే లెక్కపెట్టడానికి ఏమీ లేదు.

మనకి దీని గట్టి ఉదాహరణ దృశ్యం. 2013లో మలయాళంలో జీతూ జోసెఫ్ తీసింది, 2014లో వెంకటేష్ గారితో తెలుగులో శ్రీప్రియ గారు తీశారు. (ఇంకా చూడనివాళ్ళు ఈ పేరా వదిలెయ్యండి, ముగింపు చెప్పను గానీ మధ్య భాగం చెప్తా.) చంపింది ఎవరో, ఎందుకో మన కళ్ళముందే జరుగుతుంది. పోలీసులకి కూడా అనుమానం వీళ్ళ మీదే. మరి మనం దేనికోసం చూస్తున్నాం? కేబుల్ ఆపరేటర్ ఒకడు, పెద్దగా చదువుకోనివాడు, సినిమాలు చూసి నేర్చుకున్న తెలివితో తన ఇంటివాళ్ళని ఎలా కాపాడతాడా అని. వాడు చేసిన పని చూడండి. నేరం జరిగాక కుటుంబాన్ని తీసుకుని ఊరెళ్ళి, బస్సు కండక్టరుకి, హోటలువాళ్ళకి, థియేటర్లో మనిషికి బాగా గుర్తుండేలా కనపడ్డాడు. తర్వాత మళ్ళీ వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి, మాటల్లో మాటగా నేరం జరిగిన తారీఖుని వాళ్ళ తలలోకి ఎక్కించాడు. మేము ఫలానా రోజే కదండీ వచ్చింది అని. సాక్షులు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ళు నిజంగానే చూశారు, తారీఖు ఒక్కటే తప్పు. పోలీసులు ఎంత గట్టిగా అడిగితే వాళ్ళు అంత గట్టిగా అదే చెప్తారు.

ఇది తెలిసిపోయాక కూడా సినిమా అయిపోదు, అదీ గొప్పతనం. ఇంకో ప్రశ్న మొదట్నుంచీ అక్కడే ఉంది, మనమే దాని వంక చూడలేదు, ఎందుకంటే దొరికిపోతారా లేదా అనే భయంలో ఉన్నాం. ముందే కనిపెట్టేవాళ్ళని పడగొట్టేది ఇదే. నటుల్ని చూసి చెప్పేవాళ్ళ దృష్టిని ఇంకో నటుడి మీదకి మళ్ళించి లాభం లేదు, ప్రశ్న మీద నుంచే మళ్ళించాలి.

దీంట్లో మోసం చేసే సినిమాలు కూడా ఉన్నాయి, వాటితో జాగ్రత్త. 1950లో హిచ్‌కాకే స్టేజ్ ఫ్రైట్ అనే సినిమాలో మొదట్లో ఒక ఫ్లాష్‌బ్యాక్ చూపించి, చివరికి అది అబద్ధం అన్నాడు. జనానికి నచ్చలేదు, అది తన తప్పేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. పాత్ర నోటితో అబద్ధం చెప్తే ఒప్పుకుంటాం, కెమెరా అబద్ధం చెప్తే కూర్చుని ఆలోచించినవాళ్ళకి ఒళ్ళు మండుద్ది, మా అక్కకైతే మరీ. మోసమా కాదా తెలుసుకోవడానికి ఒకటే మార్గం, ముగింపు తెలిశాక మొదటి అరగంట మళ్ళీ చూడటం. మంచి సినిమాలో అప్పుడు మామూలుగా అనిపించిన మాటకి ఇప్పుడు ఇంకో అర్థం వస్తుంది. మోసం చేసిన దాంట్లో పాత్రలు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఎవరికోసమో నటిస్తున్నట్టు ఉంటాయి.

కాబట్టి నేను ఇప్పుడు సినిమా ఎంచే పద్ధతి మార్చా. చూసినవాళ్ళని ట్విస్టు బాగుందా అని అడగను, ఆ ట్విస్టు అన్న మాటే అక్క చెవిన పడనివ్వను, ఎందుకంటే ఉందని తెలిస్తే చాలు వెతకడం మొదలెడుద్ది. నేను అడిగేది "దోషి ఎవరో తెలిశాక ఇంకా ఎంతసేపు ఉంది సినిమా?" అని. ఐదు నిమిషాలు అంటే అది దోషి పేరు మీదే నడిచే సినిమా, అక్కకి వద్దు. అరగంట, గంట, లేదా మొదట్లోనే తెలిసిపోద్ది అంటే పెడతా. రెండోది, మళ్ళీ చూశావా, చూస్తే బోరు కొట్టిందా అని. ఈ రెండిటితో కథ ఒక్క ముక్క కూడా బయటికి రాదు. అన్నిసార్లూ పనిచేస్తుందని కాదు, ఎలా చేశాడు అనే సినిమాల్లో కొన్ని మధ్యలో చల్లబడిపోతాయి, అనుమానించడానికి ఎవరూ లేక ఇంట్లో మిగతావాళ్ళు ఫోన్లు తీసేస్తారు. బావగారు ఎలాగూ నిద్రపోతారనుకోండి.

పోయిన ఆదివారం అలా అడిగి తెచ్చుకున్నది ఒకటి పెట్టా. ఎప్పటిలాగే గంట అయ్యేసరికి అక్క పేరు చెప్పేసింది, ఇంటర్వెల్‌కి అది కరెక్టు అని సినిమానే ఒప్పుకుంది. అక్క సోఫాకి చేరగిలబడింది. ఇంకో నలభై నిమిషాలకి ముందుకి జరిగి కూర్చుంది, మాట్లాడలేదు. అంతా అయిపోయి పేర్లు పడుతుంటే రిమోట్ నా చేతిలోంచి లాక్కుని, "ఆగరా, ఆ మొదట్లో తలుపు దగ్గర ఆవిడేదో అంది చూడు, అది మళ్ళీ పెడతా" అంది. టైము పన్నెండున్నర, పొద్దున్నే పిల్లలకి స్కూలు.