పండులోని చక్కెర కాలేయం చేరాక ఏమవుతుంది?

కొవ్వు తగ్గించుకోవాలని వ్యాయామం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ముందుగా పళ్లెంలోంచి తీసేసేది పండ్లనే. మామిడి, అరటి, ద్రాక్ష అయితే మరీ త్వరగా మాయమవుతాయి. కారణం అడిగితే ఒకే మాట వినిపిస్తుంది: వాటిలో ఫ్రక్టోజ్ అనే చక్కెర ఉంది, అది నేరుగా కాలేయానికి వెళ్లి కొవ్వుగా మారిపోతుంది. ఈ మాటలో మొదటి సగం చాలావరకు నిజం. రెండో సగం మాత్రం ఎంత తిన్నాం, ఏ రూపంలో తిన్నాం, అప్పటికి కాలేయంలో ఎంత చోటు మిగిలి ఉంది అనే ప్రశ్నలకు జవాబు చూడకుండా చెప్పేది.

గ్లూకోజ్‌ను శరీరంలో దాదాపు ప్రతి కణమూ వాడుకోగలదు. ఫ్రక్టోజ్ సంగతి వేరు. కండరాలు దాన్ని పెద్దగా ముట్టుకోవు. చిన్నపేగు కొంత మార్చుకోగా మిగిలినది కాలేయానికి చేరుతుంది. గ్లూకోజ్‌ను విడగొట్టే దారిలో ఒక కాపలా మెట్టు ఉంటుంది. కణంలో శక్తి చాలినంత ఉంటే ఆ మెట్టు దగ్గర పని నెమ్మదిస్తుంది. ఫ్రక్టోజ్ ఆ మెట్టును తప్పించుకుని లోపలికి వెళ్లగలదు. భయం పుట్టింది ఇక్కడే, అది పూర్తిగా ఆధారం లేని భయం కూడా కాదు. అయితే గుర్తు వేసిన కార్బన్ పరమాణువులతో ఫ్రక్టోజ్ ప్రయాణాన్ని మనుషుల్లో వెంబడించి చూసినప్పుడు, మామూలు మోతాదుల్లో దానిలో పెద్ద భాగం కొన్ని గంటల్లోనే గ్లూకోజ్‌గా మారుతోందని తేలింది. మరికొంత కండరాలు ఇంధనంగా వాడుకోగల లాక్టేట్ అవుతుంది, కొంత గ్లైకోజెన్‌గా, అంటే గ్లూకోజ్ గొలుసులుగా కట్టిన నిల్వ రూపంలో, కాలేయంలోనే ఉంటుంది. నేరుగా కొవ్వయ్యేది చాలా చిన్న వాటా.

కాలేయంలో పట్టే గ్లైకోజెన్ సుమారు 100 గ్రాములు. రాత్రంతా ఏమీ తినకపోయినా, గంటసేపు పరుగెత్తినా ఆ నిల్వ తరుగుతుంది. రోజూ ఒళ్లు వంచే మనిషి కాలేయంలో ఎప్పుడూ కొంత చోటు ఉంటుంది. వ్యాయామం తర్వాత ఆ నిల్వ మళ్లీ నిండడానికి ఒక్క గ్లూకోజ్ కంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిసి ఉంటేనే మేలు. పండులో ఉండేది ఆ రెండూనే. కూర్చున్నచోటే ఉంటూ, అప్పటికే నిండిన కాలేయంలోకి తీపి పానీయాలు పోస్తూ ఉంటే కథ మారుతుంది.

ఎంత మారుతుందో 2009లో కాలిఫోర్నియా పరిశోధకులు చూపించారు. అధిక బరువున్నవారికి రోజువారీ శక్తిలో 25 శాతం ఫ్రక్టోజ్ పానీయం నుంచో గ్లూకోజ్ పానీయం నుంచో అందేలా 10 వారాలు ఇచ్చారు. బరువు రెండు జట్లలోనూ పెరిగింది. పొట్ట లోపలి అవయవాల చుట్టూ చేరే కొవ్వు మాత్రం ఫ్రక్టోజ్ తాగినవారిలో ఎక్కువగా పెరిగింది. ఈ ఫలితాన్ని పండ్లకు అంటగట్టే ముందు మోతాదు చూడాలి. రోజుకు 2000 కిలోక్యాలరీలు తినే మనిషికి 25 శాతమంటే 125 గ్రాముల ఫ్రక్టోజ్. అంత ఫ్రక్టోజ్ ద్రాక్ష నుంచే రావాలంటే రోజూ కిలోన్నర ద్రాక్ష తినాలి!

పండ్లతోనే చేసిన పరీక్ష కూడా ఒకటుంది. 2011లో ప్రచురితమైన మెక్సికో అధ్యయనంలో 131 మందికి ఆరు వారాలు తక్కువ శక్తినిచ్చే ఆహారం పెట్టారు. ఒక జట్టుకు ఫ్రక్టోజ్ 20 గ్రాములు దాటకుండా చూశారు. రెండో జట్టుకు 50 నుంచి 70 గ్రాములు, ఎక్కువగా పండ్ల నుంచే ఇచ్చారు. మొదటి జట్టు సగటున 2.8 కిలోలు తగ్గితే, పండ్లు తిన్న జట్టు 4.2 కిలోలు తగ్గింది. దీన్నిబట్టి పండు కొవ్వును కరిగిస్తుందని నేను అనను, ఆరు వారాలు చిన్న కాలం. కానీ పండులోని ఫ్రక్టోజ్ బరువు తగ్గడానికి అడ్డుపడి ఉంటే ఆ అంకెలు అలా వచ్చేవి కావు.

ఇప్పుడు ఒక రోజు లెక్క వేసి చూద్దాం. 70 కిలోల బరువుండి, వారంలో నాలుగైదు రోజులు వ్యాయామం చేసే మనిషి రోజుకు 2400 కిలోక్యాలరీలు ఖర్చు చేస్తున్నారనుకుందాం. కొవ్వు తగ్గడానికి తిండిని 2000కు కుదించారు. అందులో ప్రొటీన్ 112 గ్రాములు, కొవ్వు 60 గ్రాములు పోను పిండిపదార్థాలకు సుమారు 250 గ్రాముల చోటు మిగులుతుంది. ఈ చోటులో 150 గ్రాముల మామిడి గుజ్జు, ఒక మధ్యస్థపు అరటిపండు, 100 గ్రాముల ద్రాక్ష పెడదాం. మామిడి నుంచి 90, అరటి నుంచి 105, ద్రాక్ష నుంచి 70 కిలోక్యాలరీలు వస్తాయి. మొత్తం 265. పిండిపదార్థం 67 గ్రాములు, అందులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ జతకట్టిన సుక్రోజ్ అనే చక్కెరలో దాగినదాన్ని కలుపుకున్నా ఫ్రక్టోజ్ సుమారు 27 గ్రాములే. చురుకుగా ఉండే మనిషికి ఒక రోజుకు ఇది నిశ్చింతగా తినదగ్గ మోతాదు. మూడూ ఒకే రోజు తినాలని లేదు. ఒక పండు మానేస్తే మరొకటి కాస్త పెంచుకోవచ్చు. వ్యాయామం లేని రోజున వీటిలో ఒకటో రెండో చాలు.

తేడా కొట్టేది ఎక్కడంటే, ఇవే పండ్లను 2000 లోపల కాకుండా 2000 పైన తిన్నప్పుడు. పెద్ద మామిడిపండులో తొక్క, టెంక పోను 330 గ్రాముల దాకా గుజ్జు ఉండవచ్చు. అంటే దాదాపు 200 కిలోక్యాలరీలు. భోజనంలో ఏమీ తగ్గించకుండా అలాంటివి రెండు తింటే, ఆ రోజు మిగిల్చిన 400 కిలోక్యాలరీలూ అక్కడే చెల్లిపోయినట్లు. మామిడి చేసిన ద్రోహం ఇందులో లేదు. రెండు ముద్దలు ఎక్కువ తిన్నా ఫలితం ఇదే. అందుకే కనీసం మొదటి వారమైనా గుజ్జును తూకం వేసి తినమంటాను. కంటికి కొలత అలవాటయ్యాక తూకం అక్కర్లేదు.

పండు రూపం మారితే లెక్క ఇంకా త్వరగా తప్పుతుంది. 1977లో ఒకే మొత్తం పిండిపదార్థం వచ్చేలా ఆపిల్ పండ్లు, వాటి గుజ్జు, రసం ఇచ్చి చూస్తే, నమిలి తినడానికి పట్టిన సమయంలో పదకొండో వంతులోనే రసం తాగడం పూర్తయింది. కడుపు నిండిన భావన కూడా రసంతో బాగా తక్కువ. ద్రాక్ష ఎండినప్పుడూ ఇంతే. నీరు పోయి ముడుచుకున్న 40 గ్రాముల ఎండుద్రాక్షలో 120 కిలోక్యాలరీలు ఉంటాయి. అది రెండు మూడు సార్లు నోట్లో వేసుకుంటే అయిపోతుంది. అంతే శక్తినిచ్చే తాజా ద్రాక్ష 170 గ్రాములకు పైనే, తినడానికి చాలాసేపు పడుతుంది.

మధుమేహం ఉన్నవారు, మందులు వాడుతున్నవారు ఈ మోతాదులను వైద్యులను అడిగి మార్చుకోవాలి. పండ్లు తినగానే కడుపుబ్బరం, విరేచనాలు వచ్చేవారికి పేగు ఫ్రక్టోజ్‌ను సరిగా పీల్చుకోకపోవడం కారణం కావచ్చు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ దాదాపు సమంగా ఉండే అరటి, ద్రాక్షల కంటే మామిడి అలాంటివారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టవచ్చు.

ఇంతా చేసి పండు తిన్న మర్నాడు తూకం అరకిలో పెరిగి కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. నిల్వయ్యే ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. 100 గ్రాములు నిండితే తూకంలో 400 గ్రాములు చేరతాయి. అదే కొవ్వు అరకిలో పెరగాలంటే అవసరాన్ని మించి 3800 కిలోక్యాలరీల దాకా తినాలి, 265 కిలోక్యాలరీల పండ్లతో అది ఎలా సాధ్యం? అందుకే ఉదయాన్నే, ఏమీ తినకముందు చూసిన తూకాలకు వారం సగటు కట్టి, మూడు నాలుగు వారాల సగటులను పోల్చండి. ఆ సగటు దిగుతూ ఉంటే పండ్లు ఉన్నచోటే ఉండనివ్వండి. కదలకపోతే ముందు నూనెలు, చిరుతిళ్లు, పానీయాలు, ఆ తర్వాత మామిడి గుజ్జు తూకం చూడండి.