నరం ముక్కలో కనిపించే నీలి చుక్కలు

సెలైన్ పెట్టేటప్పుడు "నరం దొరకట్లేదు" అంటారు. అక్కడ వెతికేది సిరని, అంటే రక్తనాళాన్ని. పిక్క బిగుసుకుపోతే "నరం పట్టేసింది" అంటాం. అది కండరం. ఒకే మాటను ఇన్నిటికి వాడటం వల్ల అసలు నరం లోపల ఏముంటుందో ఊహించుకోవడం కష్టమవుతుంది. అందుకే ఒక నిజమైన నరాన్ని అడ్డంగా కోసి చూద్దాం.

బయటి చీలమండ వెనక చర్మం కింద సూరల్ నరం ఉంటుంది. పాదం బయటి అంచుకూ చిటికెన వేలికీ స్పర్శ తెలిపేది అదే. నరానికి బయాప్సీ అవసరమైతే డాక్టర్లు ఎక్కువగా దీన్నే ఎంచుకుంటారు. ఇది ఏ కండరాన్నీ కదిలించదు కాబట్టి, ముక్క తీసినా పాదం అంచున కొంత మొద్దుబారుతుందే తప్ప నడక చెడదు. తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, ఆల్కహాల్‌లోనూ జైలీన్‌లోనూ నీళ్లు పోయేలా చేసి, మైనంలో పోత పోసి, మిల్లీమీటరులో రెండు వందలో వంతు మందాన పొరలుగా కోస్తారు. ఆ పొరకు హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులు వేస్తారు. కణకేంద్రకాలు నీలంగా, మిగతావి గులాబీగా మారతాయి.

మైక్రోస్కోపులో మొదట కనిపించేవి కొన్ని గుండ్రటి కట్టలు. ఒక్కో కట్టలో వందల కొద్దీ చిన్న చిన్న వలయాలు ఉంటాయి. ప్రతి వలయం తెల్లగా, ఖాళీగా కనిపిస్తుంది. దాని మధ్యలో ఒక గులాబీ చుక్క ఉంటుంది. ఆ చుక్క ఆక్సాన్, అంటే సంకేతాన్ని మోసే తీగ. చుట్టూ తెల్లగా ఉన్నది, ఆక్సాన్‌కు తొడుగులా ఉండే మైలిన్ ఉండాల్సిన చోటు. మైలిన్‌లో ఎక్కువ భాగం కొవ్వే కాబట్టి ఆల్కహాల్, జైలీన్ దాన్ని కరిగించేశాయి. ఇదే నరాన్ని ఆస్మియం టెట్రాక్సైడ్‌తో భద్రపరిస్తే కొవ్వు నిలిచి, వలయాలన్నీ నల్లగా కనిపిస్తాయి. మైలిన్ నిజంగా పోయిందా, లేక స్లైడ్ తయారీలో కరిగిందా అన్నది తేల్చాలంటే ఈ రెండో పద్ధతి తప్పనిసరి.

వలయాల పక్కన అక్కడక్కడా నీలి చుక్కలుంటాయి. ఇవేమిటని అడిగితే, మొదటిసారి చూసేవాళ్లు దాదాపు అందరూ "న్యూరాన్లు" అంటారు. అక్కడ న్యూరాన్ కేంద్రకం ఒక్కటి కూడా లేదు. ఆ గులాబీ చుక్కల అసలు కణాలు అక్కడికి దాదాపు మీటరు దూరంలో, నడుము కింది భాగంలో వెన్నెముక దగ్గరున్న చిన్న ఉబ్బుల్లో ఉన్నాయి. ఆ కణం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. దాని నుంచి ఒకే కాడ బయలుదేరి ఇంగ్లిష్ టీ అక్షరంలా రెండుగా చీలుతుంది. ఒక కొస పాదానికి, రెండోది వెన్నుపాములోకి వెళుతుంది. స్పర్శను, నొప్పిని తెలిపే న్యూరాన్ల ఆకారం ఇది. కండరాలను కదిలించే న్యూరాన్ వేరు. అది వెన్నుపాము లోపలే ఉంటుంది, చెట్టు కొమ్మల్లా నలువైపులా శాఖలు చాపుతుంది, అందులో ఒకటి మాత్రమే ఆక్సాన్‌గా బయటికి వస్తుంది. కంటి రెటీనాలో రెండు కొసలున్న మూడో రకం కూడా ఉంది.

మరి ఆ నీలి చుక్కలు ఎవరివి? ఎక్కువ భాగం ష్వాన్ కణాలవి. న్యూరాన్‌కు తోడుండే కణాలను గ్లియా అంటారు. నరంలో ఆ పని ష్వాన్ కణాలది. ఒక్కో కణం ఒకే ఆక్సాన్ మీద ఒక మిల్లీమీటరు లేదా అంతకన్నా తక్కువ మేర మాత్రమే చాపలా చుట్టుకుంటుంది. అలా చుట్టుకున్న పొరలే మైలిన్. సన్నని ఆక్సాన్లకు ఈ చుట్టు ఉండదు. వాటిలో కొన్నిటిని కలిపి ఒకే ష్వాన్ కణం తన గాడుల్లో ఒదిగించుకుంటుంది. మామూలు స్లైడ్‌లో ఇవి విడిగా కనిపించవు, కానీ లెక్కకు మైలిన్ ఉన్నవాటి కంటే చాలా ఎక్కువ. చిటికెన వేలు మంచం కోడుకు కొట్టుకున్నప్పుడు తగిలిన సంగతి వెంటనే తెలుస్తుంది, మంటెత్తే నొప్పి కాస్త ఆగి వస్తుంది. మైలిన్ ఉన్న లావు తీగలో సంకేతం సెకనుకు 50 మీటర్ల వేగంతో వెళితే, మైలిన్ లేని సన్న తీగలో సుమారు ఒక మీటరే వెళుతుంది. ఆ ఆలస్యాన్ని మనందరం అనుభవించాం.

మెదడు, వెన్నుపాముల్లో గ్లియా వేరే రకాలు. అక్కడ మైలిన్ చుట్టేది ఆలిగోడెండ్రోసైట్. అది ఒక్కటే పదుల ఆక్సాన్ ముక్కలకు చుట్టగలదు. పోషణకు ఆస్ట్రోసైట్లు, శుభ్రతకు మైక్రోగ్లియా ఉంటాయి.

ఇక నరం పొరలు. ఆక్సాన్ల మధ్య సన్నని పోగులతో, సన్న రక్తనాళాలతో నిండినది ఎండోన్యూరియం. ఒక్కో కట్టను చుట్టి ఉండేది పెరిన్యూరియం. కట్టలన్నిటినీ కలిపి కొవ్వుతో, రక్తనాళాలతో మెత్తగా కప్పేది ఎపిన్యూరియం. మూడింటిలో నేను ముందు చూసేది పెరిన్యూరియాన్ని. బల్లపరుపు కణాలు ఉల్లిపాయ పొరల్లా పేర్చుకుని, అంచులు ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి. బయటి ద్రవంలో ఉన్నది ఏదైనా ఇట్టే లోపలికి రాకుండా అదే ఆపుతుంది.

ఈ పొరల విలువ నరం తెగినప్పుడు తెలుస్తుంది. పగిలిన గాజు ముక్క మణికట్టును కోసి మీడియన్ నరాన్ని తెంపింది అనుకుందాం. తెగిన చోటు నుంచి వేళ్ల వైపున్న ఆక్సాన్లన్నీ తమ కణం నుంచి విడిపోయి, కొద్ది రోజుల్లో ముక్కలైపోతాయి. అగస్టస్ వాలర్ 1850లో కప్ప నాలుక నరాలను తెంపి చూపించిన మార్పు ఇది. కానీ ఆక్సాన్ ఒక్కసారిగా చావదు. మొదటి మూడు నాలుగు రోజులు, గాయానికి కింద కరెంటు పెట్టి పరీక్షిస్తే నరం బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. ఆ రిపోర్టు చూసి నరం తెగలేదని నమ్మితే ప్రమాదం. అప్పుడు నమ్మాల్సింది రోగి వేలి కొసల్లో స్పర్శ లేకపోవడాన్నే.

ఆక్సాన్లు పోయినా ష్వాన్ కణాలు చావవు. పాత మైలిన్‌ను తొలగించి, తమ చుట్టూ ఉన్న పలుచని పొర సన్నని గొట్టంలా మిగలగా, అందులోనే వరుసగా నిలబడతాయి. సర్జన్ మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో ఎపిన్యూరియాన్ని కలిపి కుడతారు. దాని మీదున్న రక్తనాళాలు రెండు వైపులా ఎదురెదురుగా వచ్చేలా చూస్తారు, లేదంటే కట్టలు మెలితిరిగిపోతాయి. తర్వాత పై ముక్కలోని ఆక్సాన్లు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ఆ గొట్టాల్లోకి పెరుగుతాయి. మణికట్టు నుంచి వేలి కొసకు 18 సెంటీమీటర్లు అనుకుంటే 180 రోజులు, మొదలవడానికి మరికొన్ని వారాలు. నరం దారి వెంట వేలితో తట్టి చూస్తే ఎక్కడ జివ్వుమంటుందో ఆక్సాన్లు అక్కడిదాకా వచ్చినట్టు. నెలనెలా ఆ చోటు కిందికి జరగాలి. ఒకే చోట ఆగిపోతే మచ్చ అడ్డుపడిందని అనుమానించాలి. కొన్ని ఆక్సాన్లు తప్పు గొట్టంలోకి దూరతాయి కూడా. అందుకే కుట్టు ఎంత బాగున్నా, చూపుడు వేలు ముట్టుకుంటే నడిమి వేలు ముట్టుకున్నట్టు అనిపించవచ్చు. గాజు కోయకుండా నరం నలిగి మాత్రమే ఉంటే గొట్టాలు చెక్కుచెదరవు, ఆక్సాన్లు తమ పాత దారినే పట్టుకుని వస్తాయి.

రెండు కొసల మధ్య దూరం ఎక్కువై కుట్టలేకపోతే ఇంకో నరం ముక్కను మధ్యలో అతకాలి. దానికి ఎక్కువగా తీసేది చీలమండ వెనకున్న ఆ సూరల్ నరాన్నే. అతికిన ముక్కలో దాని సొంత ఆక్సాన్లన్నీ చచ్చిపోతాయి. చేతికి కావలసినవి అవి కావు, ఆ ఖాళీ గొట్టాలు, వాటిలో బతికున్న నీలి చుక్కలు.